మంచి ఉపాధ్యాయులు బడిని ఎందుకు వదిలిపోతున్నారు? పనిభారం, బర్నౌట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల ప్రాథమిక బడుల్లో పద్దెనిమిదేళ్లు పాఠం చెప్పి, తర్వాత కొంతకాలం ఉపాధ్యాయ శిక్షణ తరగతులు నడిపాను. ఆ రోజుల్లో తోటి ఉపాధ్యాయులు, వాళ్ల ఇళ్లలోని వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇవి. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలను చదివి, వాటిని మా ప్రాంతపు బడుల అనుభవం పక్కన పెట్టి చూసుకుంటూ సమాధానాలు రాశాను.

అలసటకూ బర్నౌట్‌కూ తేడా ఏమిటి?

అలసట విశ్రాంతితో పోతుంది. దసరా సెలవులు ముగిశాక బడికి వచ్చిన ఉపాధ్యాయురాలు మొదటి వారం హుషారుగా పాఠం మొదలుపెడితే, అంతకుముందు ఆమెకు ఉన్నది అలసటే. సెలవుల చివరి రెండు రోజులు కడుపులో బరువుగా ఉండి, బడి తెరిచిన రోజు సాయంత్రానికే సెలవులకు ముందున్న స్థితికి ఆమె వచ్చేస్తే, అది వేరే సమస్య.

బర్నౌట్ అనే మాటను ఈ అర్థంలో 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త వాడారు. దానిని కొలవదగిన విషయంగా మార్చింది క్రిస్టినా మాస్లాక్. ఆమె, సుసాన్ జాక్సన్ కలిసి 1981లో ప్రచురించిన కొలమానం బర్నౌట్‌ను మూడు ముఖాలుగా చూస్తుంది. మొదటిది మనసులోని శక్తి ఖాళీ అయిపోవడం. రెండోది ఎవరి కోసం పని చేస్తున్నామో వాళ్ల పట్ల మొద్దుబారిపోవడం. మూడోది తన పని వల్ల ఏమీ ఒరగడం లేదన్న భావన స్థిరపడడం. ఉపాధ్యాయుల కోసం రూపొందించిన ప్రశ్నావళిలో మొత్తం 22 వాక్యాలుంటాయి. వాటిలో 9 మొదటి ముఖానికి, 5 రెండోదానికి, 8 మూడోదానికి సంబంధించినవి.

బడిలో బయటివారికి అన్నిటికన్నా ఆలస్యంగా కనిపించేది రెండో ముఖం. నేను దానిని పట్టుకున్న గుర్తు ఒకటి చెబుతాను. బాగా పనిచేసే ఉపాధ్యాయుడు స్టాఫ్ గదిలో పిల్లలను పేర్లతో చెబుతాడు. "ఈరన్నకు భాగహారం ఇంకా రాలేదు" అంటాడు. అదే మనిషి కొన్నాళ్లకు "నాలుగో తరగతి వాళ్లకు ఏదీ రాదు" అనడం మొదలుపెడితే, పేర్లు మాయమై తరగతి సంఖ్యలు మాత్రమే మిగిలితే, అప్పుడు నేను జాగ్రత్తపడేవాణ్ణి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా చేర్చలేదు. సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చింది. ఈ తేడా ముఖ్యమైనది. కారణం పని ఏర్పాటులో ఉన్నప్పుడు చికిత్సను మనిషిలో మాత్రమే వెతకడం సరికాదు.

వెళ్లిపోయిన వాళ్లందరూ బర్నౌట్ వల్లే వెళ్లారా?

కాదు. ఈ విషయంలో నా ఆలోచనను మార్చింది డోరిస్ శాంటోరో అనే అమెరికన్ విద్యా తత్వవేత్త రచనలు. ఆమె 2011లో రాసిన వ్యాసంలో, తర్వాత 2018లో వచ్చిన పుస్తకంలో బర్నౌట్‌ను మరొక స్థితి నుంచి విడదీశారు. ఆ రెండో స్థితిని మన మాటల్లో మనసు విరిగిపోవడం అనవచ్చు. బర్నౌట్‌లో మనిషి దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు, ఇంకిపోయిన బోరుబావిలాగా. మనసు విరిగిన ఉపాధ్యాయుడిలో శక్తి ఉంటుంది, నైపుణ్యం ఉంటుంది, పిల్లల మీద ప్రేమ కూడా ఉంటుంది. ఏ పనిని మంచి పని అనుకుని అతడు ఈ వృత్తిలోకి వచ్చాడో, ఆ పని చేసే వీలు మాత్రం బడిలో ఉండదు. పైగా, పిల్లలకు మేలు చేయదని తనకు తెలిసిన పనిని తన చేతులతోనే చేయాల్సి వస్తుంది.

ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. బర్నౌట్ వచ్చిన వారికి భారం తగ్గాలి, విశ్రాంతి దొరకాలి. మనసు విరిగిన వారికి నెల రోజులు సెలవిచ్చినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే తిరిగి వచ్చేది అదే పనిలోకి. చదవడం రాని పిల్లవాడి పేరు ఎదుట "చదవగలడు" అని నమోదు చేయమన్న ఒత్తిడి ఒకసారి నా మీదకూ వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం అలసట కాదని నాకు ఆనాడే తెలుసు.

అసలు సమస్య పని గంటలు ఎక్కువ కావడమేనా?

గంటలు ముఖ్యమే, కానీ అవి ఒక్కటే కారణమైతే లెక్క కుదరదు. ఇంగ్లండ్ ఉపాధ్యాయుల మీద రెబెకా ఆలెన్ బృందం చేసిన పరిశోధనలో వారు బడి నడిచే రోజుల్లో వారానికి సగటున 47 గంటల దాకా పనిచేస్తున్నట్లు తేలింది. అయితే రెండు దశాబ్దాలుగా ఆ సగటులో పెద్ద మార్పు లేదు. గంటలు అక్కడే ఉన్నా పనిభారం మీద ఫిర్యాదులు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

నార్వేలో ఐనార్ స్కాల్విక్, సిద్సెల్ స్కాల్విక్ ఉపాధ్యాయుల మీద చేసిన వరుస అధ్యయనాలు ఇక్కడ ఉపయోగపడతాయి. మనసు అలసిపోవడంతో బలంగా ముడిపడి కనిపించింది సమయపు ఒత్తిడి. అంటే పాఠం సిద్ధం చేసుకునే సమయాన్ని కాగితాల పని తినేయడం, రోజంతా ఊపిరి తీసుకునే విరామం లేకపోవడం. ఆ అలసటే వృత్తిని వదిలేయాలన్న ఆలోచనకు దారి తీస్తుంది. కాబట్టి ఎన్ని గంటలు అని మాత్రమే అడిగితే సరిపోదు. ఆ గంటలు ఎన్ని ముక్కలయ్యాయి, వాటిలో ఎన్ని ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నాయి అని కూడా అడగాలి.

ఒక వారాన్ని లెక్క వేసి చూపించగలరా?

కోసిగి వైపు ఒక బడిలో పనిచేసిన ఎస్జీటీ ఉపాధ్యాయురాలు, నన్ను అన్నా అని పిలిచే సహోద్యోగి, ఒక జనవరిలో నేను అడిగితే ఆరు పనిదినాల పాటు అరగంటకొక గీత చొప్పున పాత నోటు పుస్తకంలో రాసిపెట్టింది. బడిలో 62 మంది పిల్లలు, ఐదు తరగతులు. రెండు పోస్టులున్నా రెండో ఉపాధ్యాయుడిని వేరే బడికి సర్దుబాటు చేయడంతో ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ వారం ఆమె పనిచేసింది మొత్తం 51 గంటలు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పింది 19 గంటలు. రిజిస్టర్లకు, యాప్‌లలో నమోదుకు 8 గంటలు పట్టింది. మధ్యాహ్న భోజనం దగ్గర, అంటే బియ్యం తూయించడం, గుడ్లు లెక్కపెట్టడం, వడ్డన చూడడం, ఫోటో తీసి పంపడం, వీటికి 5 గంటలు. పుస్తకాలు దిద్దడానికి నాలుగున్నర గంటలు, సమావేశాలకూ పై నుంచి వచ్చే ఫోన్లకూ మరో నాలుగున్నర. బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లడానికి 3 గంటలు. గది ఊడ్పించడం, ప్రార్థన, ఆటలు, పిల్లలను ఇంటికి పంపడం వంటి వాటికి 5 గంటలు. రేపటి పాఠానికి సిద్ధం కావడానికి మిగిలింది 2 గంటలు, అదీ రాత్రి వంట అయ్యాక.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు 4 గంటలు, ఆరు రోజుల వారానికి 24 గంటలు. ఈమె చెప్పిన 19 గంటలను ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి నేరుగా అందింది నాలుగు గంటల లోపే. ఆమె వారానికి 51 గంటలు కష్టపడింది, అయినా ఒక్కో తరగతికి చట్టం చెప్పిన 24 గంటల్లో ఆరో వంతు కూడా చేరలేదు. నోటు పుస్తకాన్ని మూసి "ఇది నా చేతకానితనమా అన్నా?" అని ఆమె అడిగింది. ఎవరు చేసినా ఆ లెక్క అంతేనని ఆమెకు కాగితం మీద వేసి చూపించాను.

అదే పుస్తకంలో ఇంకొక విషయం బయటపడింది. ఆరు రోజుల్లో ఏ అడ్డంకీ లేకుండా సాగిన అతి పొడవైన పాఠం 35 నిమిషాలు. ఒక్క బుధవారం నాడే పాఠం 14 సార్లు ఆగింది. గుడ్ల బండి వచ్చింది, భోజనం సంఖ్య ఇంకా పంపలేదని ఫోన్ వచ్చింది, సిగ్నల్ లేక ఫోటో వెళ్లలేదు, ఆధార్ జిరాక్సు కోసం ఒక తండ్రి వచ్చాడు. ఇందులో ఏ పనీ అయిదు నిమిషాలకు మించదు. అయితే రెండో తరగతి పిల్లలు గుణింతం మధ్యలో ఆగిపోతే, మళ్లీ అక్కడికి రావడానికి పట్టే సమయం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

ఉపాధ్యాయులు అయిదో వంతు సమయమే పాఠం చెబుతారన్న మాట నిజమా?

ఆ సంఖ్య జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 2018లో వెలువరించిన అధ్యయనం నుంచి వచ్చింది. ఉపాధ్యాయుల ఏడాది పని సమయంలో 19.1 శాతం బోధనకు, 42.6 శాతం బోధన కాకపోయినా వృత్తిలో ప్రధానమైన పనులకు, 31.8 శాతం బడికి సంబంధించిన ఇతర పనులకు, 6.5 శాతం వేరే శాఖల పనులకు పోతున్నట్లు అందులో తేలింది.

దీనిని రెండు రకాలుగా తప్పు చదువుతున్నారు. మిగతా 81 శాతం వృథా అనడం ఒకటి. ప్రధానమైన పనుల్లో పిల్లల చదువుకు అవసరమైనవీ ఉన్నాయి, వాటిని భారంగా లెక్కించకూడదు. ఇక ఎన్నికలు, సర్వేలే అసలు సమస్య అనడం రెండో పొరపాటు. వేరే శాఖల పనులు 6.5 శాతమే. పెద్ద భాగం బడి లోపలే, బడి పేరు మీదే ఉంది. మా కోసిగి లెక్క కూడా అదే చెప్పింది. ఆ వారంలో వేరే శాఖ పని ఒక్కటీ లేదు.

చట్టం ఉపాధ్యాయుడిని కాపాడదా?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకొకసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, స్థానిక సంస్థలు, శాసనసభ, పార్లమెంటు ఎన్నికల విధులు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను పంపకూడదు. ఎన్నికల పనులను కూడా సాధారణంగా సెలవు రోజుల్లో, బోధన లేని రోజుల్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది. పాఠం సిద్ధం చేసుకునే సమయంతో కలిపి ఉపాధ్యాయుడికి వారానికి కనీసం 45 గంటల పని అని షెడ్యూలు అంటుంది. ఆ 45 కనీసమే, దానికి పై హద్దు లేదు.

గుడ్ల లెక్క, మరమ్మతుల సిమెంటు లెక్క, ఫోటోల నమోదు, ఇవన్నీ విద్యేతర పనుల కిందికి రావు. బడికి సంబంధించినవే కదా అంటారు. అందుకే 27వ సెక్షన్ వీటికి అడ్డుపడదు.

మంచివాళ్లే ముందుగా ఎందుకు పోతారు?

దీనికి నాకు రెండు కారణాలు కనిపించాయి. మొదటిది శాంటోరో చెప్పినదే. పాఠం ఎలా ఉండాలో స్పష్టంగా తెలిసిన వారికే, అది అలా లేకపోవడం బాధిస్తుంది. ఏదో ఒకలా గంట గడిస్తే చాలనుకునే వారికి 14 సార్లు ఆగిన బుధవారం కూడా మామూలు బుధవారమే.

రెండోది మన కార్యాలయాల తీరు. "పని చేసేవాడికే పని" అని మా వైపు అంటారు. యాప్ త్వరగా నేర్చుకున్న ఉపాధ్యాయుడికి పక్క బడుల నమోదు కూడా అప్పగిస్తారు. చక్కగా మాట్లాడగలిగిన వారిని శిక్షణలకు పంపుతారు. నమ్మకస్తులైన వారిని నివేదికల కోసం మండల కార్యాలయానికి పిలుస్తారు. ఇలా ఒక మనిషి సమర్థత అతణ్ణి తరగతి గది నుంచి కొంచెం కొంచెంగా బయటికి లాగుతుంది. దీనిని గౌరవం అనుకుని మొదట్లో నేనూ సంతోషించాను. నా తరగతి పిల్లల నోటు పుస్తకాలు మూడు వారాలుగా దిద్దకుండా ఉన్నాయని గమనించిన రోజు ఆ సంతోషం పోయింది.

ప్రభుత్వ ఉద్యోగం ఎవరూ వదలరు కదా? మరి వెళ్లిపోవడం అంటే ఏమిటి?

అమెరికాలో రిచర్డ్ ఇంగర్‌సాల్ 2001లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో అందరూ ఉదహరించేది. ఉపాధ్యాయుల కొరతకు పదవీ విరమణల కన్నా, పని పట్ల అసంతృప్తితోనూ వేరే ఉద్యోగాల కోసమూ వెళ్లిపోవడమే చాలా పెద్ద కారణమని ఆయన చూపించారు. జీతంతో పాటు యాజమాన్యం నుంచి మద్దతు లేకపోవడం, పిల్లల క్రమశిక్షణ సమస్యలు, నిర్ణయాల్లో తమ మాటకు విలువ లేకపోవడం ఆ అసంతృప్తికి కారణాలుగా తేలాయి. వృత్తిని వదిలేవారితో పాటు ఒక బడి నుంచి మరో బడికి మారేవారిని కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నారు. వదిలివెళ్లిన బడికి రెండూ ఒకటే నష్టం.

మన దగ్గర రాజీనామాలు అరుదే, నిజం. పింఛను, ఆరోగ్య కార్డు, ఇంటి అప్పు, వీటిని కాదనుకుని వెళ్లడం కష్టం. కాబట్టి ఇక్కడ వెళ్లిపోవడం ఇతర రూపాల్లో జరుగుతుంది. కొందరు కార్యాలయ డిప్యుటేషన్ కోరుకుంటారు. వయసులో ఉన్నవారు గ్రూప్స్ పరీక్షలకు చదువుతారు. ఇంకొందరు కోసిగి, హొళగుంద వంటి మండలాల నుంచి బదిలీ దొరికిన మొదటి అవకాశంలోనే కర్నూలు పట్టణం చుట్టుపక్కలకు వస్తారు. ఆ బడికి వచ్చే కొత్తవారు మళ్లీ మొదటి నుంచి పిల్లల పేర్లు నేర్చుకోవాలి. ఏ లెక్కకూ చిక్కని వారు ఇంకొందరున్నారు. వాళ్లు రోజూ బడికి వస్తారు, హాజరు వేస్తారు, ఏ కాగితంలోనూ లోపం ఉండదు, కానీ పాఠంలో వాళ్లు ఉండరు.

ప్రైవేటు బడుల్లో కథ వేరు. అక్కడ జీతమే మొదటి కారణం, ఏడాది మధ్యలో కూడా మానేస్తారు. ఆ సంగతికి వేరే వ్యాసం కావాలి.

సుగ్గి వలసలకూ ఉపాధ్యాయుడి బర్నౌట్‌కూ సంబంధం ఏమిటి?

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పంటలు చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు పోతాయి. దానినే సుగ్గికి పోవడం అంటారు. ఇంటి దగ్గర చూసుకునే పెద్దలు లేకపోతే పిల్లలు కూడా వెంట వెళ్తారు. చలికాలంలో పోయినవారు వేసవి మొదట్లో తిరిగి వస్తారు.

నవంబరు దాకా ఒక పిల్లకు కూడికలు, చిన్న చిన్న వాక్యాలు నేర్పిస్తాం. ఆ పిల్ల మూడు నాలుగు నెలలు పొలం గట్టు మీద తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంటుంది. తిరిగి వచ్చేసరికి వాక్యం పోయి అక్షరాలు మిగిలి ఉంటాయి. అంతలో సంవత్సరాంత పరీక్ష వస్తుంది, ఆ పిల్ల మార్కులు ఉపాధ్యాయుడి పనితీరు కింద లెక్కకు వస్తాయి. మాస్లాక్ చెప్పిన మూడో ముఖం, తన పని వల్ల ఏమీ ఒరగడం లేదన్న భావన, ఇక్కడ పుట్టడానికి ఉపాధ్యాయుడి మనసులో లోపం ఉండనక్కరలేదు. ప్రతి ఏటా అదే పిల్ల, అదే అక్షరం దగ్గర మళ్లీ కనిపిస్తే చాలు.

వలస వెళ్లిన వారి పిల్లల కోసం ఊళ్లో తాత్కాలిక వసతి గృహాలు సమయానికి తెరిచిన ఏడాది తేడా నాకు కళ్లారా తెలుసు. ఆ ఏడాది మార్చిలో నా తరగతిలో పిల్లలున్నారు. ఆలస్యంగా తెరిస్తే మాత్రం ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అప్పటికే లారీలు వెళ్లిపోయి ఉంటాయి.

ప్రశ్నావళి నింపి ఎవరికి బర్నౌట్ ఉందో తేల్చవచ్చా?

మాస్లాక్ కొలమానం పరిశోధన కోసం తయారైంది. ఫలానా మార్కు దాటితే బర్నౌట్ ఉన్నట్లు అని ఒక మనిషి మీద ముద్ర వేయడానికి కాదు. మూడు ముఖాలనూ కలిపి ఒకే సంఖ్యగా కూడడం కూడా తప్పు.

ఈ రంగంలోని అధ్యయనాలకు పెద్ద పరిమితి ఒకటుంది. చాలా వరకు ఒకే సమయంలో అడిగిన ప్రశ్నల మీద ఆధారపడ్డవి కాబట్టి, ఏది కారణమో ఏది ఫలితమో వాటితో గట్టిగా చెప్పలేం. పైగా బడిలో ఇంకా ఉన్నవారినే అడుగుతారు, అప్పటికే వెళ్లిపోయినవారి జవాబు అందులో ఉండదు. పై అధికారి ద్వారా పంపిన ప్రశ్నావళికి నిజమైన జవాబు రాదన్నది నా సొంత అనుభవం.

ప్రధానోపాధ్యాయుడి స్థాయిలో ఏమైనా చేయవచ్చా, లేక అంతా పై వారి చేతిలోనే ఉందా?

పోస్టుల భర్తీ, యాప్‌ల సంఖ్య ప్రధానోపాధ్యాయుడి చేతిలో లేవు. ఒకే ఉపాధ్యాయురాలు ఐదు తరగతులు చూసే బడికి రెండో మనిషిని ఇవ్వడం తప్ప వేరే మార్గం లేదని నేను నమ్ముతాను. ధ్యానం, యోగా శిక్షణలు కొందరికి కొంత ఊరటనిస్తాయి. అయితే అవి 51 గంటల వారాన్ని 50 కూడా చేయవు.

ఇద్దరు ముగ్గురు ఉన్న బడిలో మాత్రం కొంత చేయవచ్చు. ఎవాంజెలియా డెమెరూటీ, ఆర్నాల్డ్ బాకర్, వారి సహచరులు 2001లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పని కోరేవి ఒకవైపు, పనికి అండగా నిలిచేవి మరోవైపు ఉంటాయి. కోరేవి పెరిగితే అలసట పెరుగుతుంది, అండ తగ్గితే పని మీద ఆసక్తి పోతుంది. అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, జాన్ పాపే 2014లో ప్రచురించిన అధ్యయనం కూడా, సహోద్యోగుల, యాజమాన్యపు తోడ్పాటు ఉన్న బడుల్లో ఉపాధ్యాయులు ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువ మెరుగవుతారని చూపింది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న మూడేళ్లలో ఒకే ఒక్క మార్పు గట్టిగా నిలబడింది. ఉదయం మొదటి గంటన్నరలో ఎవరి ఫోనూ తరగతిలోకి రాకూడదని నిర్ణయించుకున్నాం. భోజనం సంఖ్య, హాజరు, పై నుంచి వచ్చే కాల్స్, అన్నీ ఆ సమయంలో ఒక్కరే చూసేవారు, ఆ ఒక్కరు రోజూ మారేవారు. ఆ మనిషి తరగతికి ఆ గంటన్నర చేతిరాత, చదువుకోవడం వంటి పని ఇచ్చేవాళ్లం. మొదటి నెలలో రెండుసార్లు సంజాయిషీ అడిగారు, జవాబు రాశాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ముగ్గురు ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టే ఇది సాధ్యమైంది. కోసిగి బడిలో సాధ్యం కాదు.

ఆ కోసిగి ఉపాధ్యాయురాలు ఏమైంది?

మరో ఏడాది అక్కడే పనిచేసింది. తర్వాత బదిలీల్లో కర్నూలుకు దగ్గరలో ఐదుగురు ఉపాధ్యాయులున్న బడి కోరుకుని వెళ్లింది. ఇప్పుడు ఆమెకు ఒకే తరగతి, మూడోది. మొన్న ఫోన్ చేసి, "మా తరగతిలో ముప్పై ఒక్కమంది అన్నా, అందులో నలుగురికి ఇంకా ఒత్తులు రావడం లేదు" అని ఆ నలుగురి పేర్లూ చెప్పింది. కోసిగి వైపు బడికి ఆమె వెళ్లిన తర్వాత ఇద్దరు మారారు.